మధ్యాహ్నం నిద్ర మానేసినట్టేనా?

చిన్నివాళ్ళమ్మ: పాపకి రెండున్నరేళ్లు. కొన్నాళ్లుగా మధ్యాహ్నం పడుకోబెడితే మంచం మీద గెంతుతుంది, నిద్ర మాత్రం పోదు. సాయంత్రం ఆరయ్యేసరికి చెంచా కింద పడినా ఏడుపే. ఇక మానేసినట్టేనా? ఆ టైంలో ఏం చేయించాలి?

గోదారిపిల్ల: మావాడు రెండేళ్లకే మానేశాడు. రాత్రి ఏడున్నరకి పడితే పొద్దున ఆరున్నరకే లేవడం. మానేస్తే మానేయనీండి.

వార్డుసిస్టర్: అందరికీ అలా కుదరదండీ. ఎక్కువమంది మూడు నుంచి ఐదేళ్ల మధ్య మానేస్తారు. ఆరింటికి అంత ఏడుస్తోందంటే ఇంకా నిద్ర కావాలనే. పొద్దున ఎన్నింటికి లేస్తుంది?

చిన్నివాళ్ళమ్మ: ఎనిమిదిన్నరకి. వాళ్ళ నాన్న లేటుగా వస్తారు, పడుకునేసరికి పదిన్నర. మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకోబెడతాను.

బన్నీడాడీ: టెన్షన్ పడకండి. అర చెంచా జలుబు సిరప్ వేస్తే రెండు గంటలు కదలరు.

వార్డుసిస్టర్: దయచేసి ఇలాంటివి రాయకండి! క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్ నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబర్‌లో కేంద్రమే చెప్పింది.

బన్నీడాడీ: మాకు డాక్టరే రాసిచ్చారు మేడమ్.

వార్డుసిస్టర్: జలుబుకి రాశారు, నిద్రకి కాదు. ఒక్కో బిడ్డకి మత్తు కాదు, ఉల్టా చిరాకు, గెంతులు ఎక్కువవుతాయి. వార్డులో చూస్తూనే ఉన్నాను.

గోదారిపిల్ల: మా అత్తగారూ ఇదే సలహా ఇచ్చారు. ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవే.

బన్నీడాడీ: అందరూ నా మీద పడితే ఎలా? నేను రోజూ వేస్తానన్నానా?

రేణుక_వరంగల్: సిరప్ సంగతి వదిలెయ్యిరి. చెల్లె రెండో ప్రశ్న ఎవరూ చూడలే. మా పెద్దోడు పండకపోతే కర్టెన్లు వేసి ఒక బుట్ట ఇస్త. బట్టల క్లిప్పులు, అవి తగిలించే అట్టముక్క, రెండు బొమ్మల పుస్తకాలు. ఆ బుట్ట మిగతా టైంల కనబడనియ్య, అందుకే మోజు పోదు. గింజలు, గోళీలు మాత్రం పెట్టకు, గొంతుల పడ్తయి. మొదట్ల పది నిమిషాలే, గంట మోగినంక లేవాలె. నేను పక్కనే కూసుంట కానీ మాట్లాడ. ఇప్పుడు ముప్పావుగంట దాంక పోయింది. ఒక్కోపాలి క్లిప్ చేతిల పట్టుకునే నిద్రపోతడు.

డల్లాస్‌అమ్మ: మాకు ఉల్టా సమస్య. నాలుగేళ్ల వాడిని డేకేర్‌లో రెండు గంటలు పడుకోబెడతారు, రాత్రి పదకొండైనా కళ్ళు మూయడు. తగ్గించమంటే వినరు.

వార్డుసిస్టర్: మీవాడు నిజంగా మానే దశలో ఉన్నాడు. చిన్నివాళ్ళమ్మగారూ, లేచిన నాలుగున్నర గంటలకే మీ పాపకి నిద్రెలా వస్తుంది? ఐదారు గంటలు గడవాలి. రోజూ ఏడింటికి లేపి, ఒంటిగంటకి పడుకోబెట్టి, మూడింటికల్లా లేపేయండి. రాత్రి తొమ్మిదికి పక్క మీద ఉండాలి. మధ్యాహ్నం పడుకోని రోజు ఎనిమిదికే. రెండు వారాలు చూడండి. అప్పటికీ నిద్రపోకుండా, సాయంత్రం హుషారుగా ఉంటే మానేసినట్టే.

చిన్నివాళ్ళమ్మ: తొమ్మిదికి పడుకోబెడితే వాళ్ళ నాన్నకి పాప మొహమే కనబడదండీ.

గోదారిపిల్ల: అయితే ఆయన్నే పొద్దున ఏడింటికి లేపమనండి.