ఆఫర్ లెటర్‌లో లెక్క కలవడం లేదు, 4,680 దిర్హమ్‌లు తేడా వస్తోంది

నిజామాబాద్_కొత్త:
అందరికీ నమస్కారం. విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చాను, దేరాలో బెడ్‌స్పేస్‌లో ఉంటున్నాను. అల్ కోజ్‌లో ఒక కంపెనీ స్టోర్‌కీపర్ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ పంపింది. గురువారం లోపు సంతకం పెట్టి పంపమంటున్నారు. జీతం పట్టిక ఇది:

బేసిక్: నెలకు 2,400, ఏడాదికి 28,800
హౌసింగ్: నెలకు 1,500, ఏడాదికి 18,000
ట్రాన్స్‌పోర్ట్: నెలకు 600, ఏడాదికి 7,200
విమాన టికెట్: ఏడాదికి 1,500
ఏడాది మొత్తం: 60,180

నేను ఎన్నిసార్లు కూడినా 55,500 దగ్గరే ఆగుతోంది. మిగతా 4,680 ఎక్కడిది? అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

దేరా_అన్న:
తమ్ముడూ, కింద మొత్తం ఎంత రాశారో అదే లెక్క. కంపెనీ సంతకం ఉన్న కాగితం కాబట్టి 60,180 ఇచ్చి తీరాలి. పన్నెండుతో భాగిస్తే నెలకు 5,015 పడుతుంది. సంతకం పెట్టేయ్. లెటర్ కాపీ మాత్రం జాగ్రత్తగా దాచుకో.

షార్జా_పేరోల్:
కాపీ దాచుకోమన్న మాట మంచిదే. కానీ నెలకు 5,015 వస్తుందని మాత్రం అనుకోవద్దు. ఏ నెలా ఆ డబ్బు బ్యాంకులో పడదు. నెలనెలా ఇస్తామని రాసినవి మూడే వరుసలు, వాటి మొత్తం 4,500. ఇంటికి ఎంత పంపగలవో, గది అద్దె ఎంత వరకు భరించగలవో ఆ 4,500 మీదే వేసుకో.

ఇప్పుడు ఆ తేడా సంగతి. ఇక్కడ ఉద్యోగం మానేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున కడతారు. నీ బేసిక్ 2,400, అంటే రోజుకు 80. 21 రోజులకు 1,680. 4,680లోంచి అది తీసేస్తే సరిగ్గా 3,000 మిగిలింది చూడు. అంటే గ్రాట్యుటీని మొత్తంలో కలిపి, వరుసల్లో చూపించడం మర్చిపోయారని నా అనుమానం.

మిగిలిన 3,000ని పన్నెండుతో భాగిస్తే 250. ఇంత గుండ్రటి అంకె వచ్చిందంటే ఫోన్ అలవెన్సో, ఫుడ్ అలవెన్సో నెలకు 250 ఉన్న వరుస ఒకటి పాత పట్టికలో ఉండి ఉండాలి. ఎవరో ఆ వరుస తీసేసి, మొత్తం దిద్దడం మర్చిపోయి ఉంటారు. చేత్తో టైప్ చేసిన పట్టికల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. అయినా ఇది ఊహే, హెచ్‌ఆర్ చెబితేనే ఖాయం.

సికింద్రాబాద్_టు_దుబాయ్:
నాకు హైదరాబాద్‌లో ఇలాగే అయింది. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపి చూపించారు. నీది కూడా పీఎఫ్ అయి ఉంటుంది, విత్‌డ్రా ఫారం అడుగు.

షార్జా_పేరోల్:
ఇక్కడ మనవాళ్లకు పీఎఫ్ ఉండదండీ. అయితే చేతికి రాని దాన్ని మొత్తంలో కలిపి చూపడం అక్కడా ఇక్కడా ఒకటే, మీరు పట్టుకున్న పాయింటు సరైనదే. గ్రాట్యుటీ కూడా ఏడాది పూర్తి కాకుండా మానేస్తే ఒక్క దిర్హమ్ రాదు. అందుకే దాన్ని ఏడాది జీతంలో కలపడం నాకు నచ్చదు.

నిజామాబాద్_కొత్త:
అక్కా, చాలా థ్యాంక్స్. ఇంకో సందేహం. ఫోన్‌లో హెచ్‌ఆర్ ఆవిడ "కావాలంటే బేసిక్ కొంచెం తగ్గించి హౌసింగ్ పెంచి, మొత్తం సరిచేసి పంపిస్తాం" అన్నారు. ఒప్పుకోవచ్చా?

దేరా_అన్న:
నెలకు 4,500 వచ్చేటప్పుడు ఎందులో ఎంత ఉంటే ఏంటి? ఒప్పేసుకో.

షార్జా_పేరోల్:
వద్దు తమ్ముడూ, ఇది మాత్రం ఒప్పుకోకు. నెల జీతం మారదన్నది నిజమే. కానీ గ్రాట్యుటీ, మానేటప్పుడు వాడుకోని సెలవులకు ఇచ్చే డబ్బు, ఓవర్‌టైమ్, ఈ మూడూ బేసిక్ మీదే కడతారు. స్టోర్‌లో కంటైనర్ దిగిన రోజు ఓవర్‌టైమ్ తప్పదు. నీ బేసిక్‌కి గంట రేటు 10 దిర్హమ్‌లు, దానిమీద కనీసం పాతిక శాతం కలిపితే 12.50. బేసిక్‌ని 1,500కి దించారనుకో, అదే గంటకు ఎనిమిది కూడా రాదు. ఏడాది గ్రాట్యుటీ 1,680 నుంచి 1,050కి పడిపోతుంది. పట్టికలో తప్పు వాళ్లది, దాన్ని సరిచేయడానికి నీ బేసిక్ తగ్గాల్సిన పని లేదు.

హెచ్‌ఆర్‌ని ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లోనే అడుగు. "పట్టికలో వరుసలు కూడితే 55,500 వస్తోంది, మొత్తం 60,180 అని ఉంది. మిగతా 4,680లో ఏమేం ఉన్నాయి, వాటిలో నెలజీతంతో వచ్చేవి ఏవి? సరిచేసిన లెటర్ పంపగలరా?" ఇంతే రాయి. "తప్పు చేశారు" అన్న మాట వద్దు. లెక్క అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న కంపెనీని నేనైతే చూడలేదు.

ఇంకొకటి. కంపెనీ లెటర్‌హెడ్ మీద వచ్చిన ఈ కాగితం వేరు, కార్మిక మంత్రిత్వ శాఖ ద్వారా వచ్చే ఆఫర్ వేరు. అసలు కాంట్రాక్టు ఆ రెండోదాన్ని బట్టే రిజిస్టర్ అవుతుంది. అందులో బేసిక్ 2,400 అనే ఉందో లేదో, అలవెన్సులు కలిపి నెలకు 4,500 అవుతుందో లేదో చూశాకే దానిమీద సంతకం పెట్టు.

జెబెల్_అలీ_వెల్డర్:
నా కాంట్రాక్టు మీద మంత్రిత్వ శాఖ పేరే లేదు, ఫ్రీ జోన్ వాళ్ల ముద్ర ఉంది. అది మోసమా?

షార్జా_పేరోల్:
కాదన్నా. ఫ్రీ జోన్ కంపెనీలకు ఆ జోన్ అధికారులే కాగితాలు ఇస్తారు. ఈ తమ్ముడిది అల్ కోజ్ కాబట్టి మంత్రిత్వ శాఖ కాగితం అన్నాను.

నిజామాబాద్_కొత్త:
హెచ్‌ఆర్ జవాబు వచ్చింది. 1,680 గ్రాట్యుటీయేనట, అక్క చెప్పినట్టే. 3,000 మాత్రం "వీసా, మెడికల్ ఇన్సూరెన్స్ ఖర్చు" అని రాశారు. బేసిక్ మార్చరట. సరిచేసిన లెటర్ రేపు పంపిస్తారట.

షార్జా_పేరోల్:
అయితే నేను అనుకున్న 250 అలవెన్స్ కాదన్నమాట, లేదా ఇప్పుడు ఆ అంకెకి వేరే పేరు పెట్టారు. అది బయటినుంచి తేల్చలేం. వీసా ఖర్చు, ఇన్సూరెన్స్ రెండూ చట్టం ప్రకారం కంపెనీయే పెట్టుకోవాలి. పట్టికలో చూపించుకుంటే చూపించుకోనీ, కానీ నీ జీతంలోంచి కోయకూడదు. కొత్త లెటర్‌లో "ఉద్యోగి మధ్యలో మానేస్తే వీసా ఖర్చు తిరిగి చెల్లించాలి" లాంటి వాక్యం చేరిందేమో చూడు. చేరితే సంతకం పెట్టకుండా ఇక్కడ చెప్పు. దుబాయ్‌లో మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, అక్కడ కూడా కాగితం చూపించవచ్చు.

దేరా_అన్న:
ఇన్సూరెన్స్ కూడా లాభమే కదా, మొత్తంలో కలిపితే తప్పేముంది? జ్వరం వచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ.

షార్జా_పేరోల్:
విలువ లేదనడం లేదన్నా. రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఒకదాంట్లో ఇన్సూరెన్స్ కలిపి, ఇంకోదాంట్లో కలపకపోతే పిల్లలు మోసపోతారు. అందుకే అంటున్నాను.

నిజామాబాద్_కొత్త:
టికెట్ 1,500 గురించి కూడా అడగాలా? అది డబ్బుగా ఇస్తారా, టికెట్ తీసిస్తారా అని లెటర్‌లో లేదు.

షార్జా_పేరోల్:
అడుగు. ఏడాదికోసారా, రెండేళ్లకోసారా అన్నది కూడా రాయించుకో. ఏటా టికెట్ ఇవ్వాలని చట్టంలో లేదు, లెటర్‌లో ఉన్నంతవరకే. రెండేళ్లకోసారి అయితే ఏడాది లెక్కలో అది 750 మాత్రమే, మొత్తం మళ్లీ మారుతుంది.