ఓనర్ తక్కువ ఇస్తే ‘సగం సగం’ లెక్క ఎలా?

నిజాంపేట్ ఏజెంట్: నిజాంపేట్‌లో ఒక ఫ్లాట్ 80 లక్షలకు అయింది. కొన్నవాళ్లు నా పార్టీ, ఓనర్ ఇంకో ఏజెంట్ పార్టీ. చూపించే ముందు ఫోన్‌లో ‘సగం సగం’ అనుకున్నాం, అంతే. చెరో వైపు ఒక శాతం మాట. మా పార్టీ నాకు 80 వేలు ఇచ్చింది. ఓనర్ ఆయనకు 50 వేలే ఇచ్చాడు. ఇప్పుడు అంతా కలిపి పంచుదాం, 15 వేలు పంపమంటున్నాడు. ఇవ్వాలా?

ఎల్బీనగర్ మీడియేటర్: ఒక్క రూపాయి ఇవ్వకు తమ్ముడూ. రీసేల్‌లో ఎవరి సైడ్ వాళ్లదే. ఓనర్ దగ్గర వసూలు చేసుకోలేకపోతే అది ఆయన లోటు. మరీ గొడవ చేస్తే రెరాలో కంప్లైంట్ పెట్టు.

గచ్చిబౌలి రీసేల్: అన్నా, సైడ్ పద్ధతి ఎక్కువ మంది పాటిస్తారన్నది నిజమే. కానీ రెరా దీనికి పనికిరాదు. ఇద్దరు ఏజెంట్లు కమీషన్ ఎలా పంచుకోవాలో ఆ చట్టం చెప్పదు.

నిజాంపేట్ తమ్ముడూ, ముందు ఒక్కటి చెప్పు. ఆ 30 వేలు ఎప్పుడు తగ్గాయి, ఎందుకు తగ్గాయి?

నిజాంపేట్ ఏజెంట్: టోకెన్ రోజు. మా పార్టీ 79 లక్షల 70 వేలు దాటనన్నారు, ఓనర్ 80 కంటే దిగనన్నాడు. చివరికి ఆ ఏజెంట్ ఓనర్‌తో ‘ఆ 30 వేలు నా కమీషన్‌లో వదిలేస్తా, మీరు వాళ్లకు తగ్గించండి’ అన్నాడు. అంటే కాగితం మీద ధర 79.70. నేను గుండ్రంగా 80 అని రాశాను. మా పార్టీ కూడా గుండ్రంగా 80 వేలే ఇచ్చింది.

గచ్చిబౌలి రీసేల్: అయితే నా మాట మారింది. ఆయన తన చుట్టం కోసమో, బేరం చేతకాకో తగ్గించుకుని ఉంటే నువ్వు ఇవ్వక్కర్లేదు. కానీ ఇక్కడ ఆ 30 వేలు నీ పార్టీ జేబులోకే వెళ్లాయి. అవి వదలకపోతే డీల్ ఆగేది, నీ 80 వేలూ వచ్చేవి కావు. డీల్ నిలబెట్టడానికి వదిలింది ఇద్దరి ఖర్చు. రెండూ కలిపితే లక్షా 30 వేలు, చెరో 65 వేలు. 15 వేలు ఇవ్వడమే న్యాయం.

మణికొండలో కొన్నాను: మా ఇంటికి కూడా ఇద్దరు ఏజెంట్లు వచ్చి ఇద్దరూ నన్నే కమీషన్ అడిగారు. రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు బయటే గొడవ. కొనేవాళ్లు ఒక్కరికే ఇవ్వాలని రూల్ లేదా?

గచ్చిబౌలి రీసేల్: ఇక్కడి ప్రశ్న అది కాదండీ, కానీ మీకు జరిగింది కూడా రాతలేని పనే. ఎవరికి ఎంత ఇస్తారో టోకెన్‌కు ముందే మీతో రాయించుకుని ఉండాల్సింది.

ఉప్పల్ నుంచి: నేను ఒప్పుకోను. కలిపి పంచడం వినడానికి బాగుంటుంది కానీ అవతలివాళ్లకు నిజంగా ఎంత వచ్చిందో మనకెలా తెలుస్తుంది? నా డీల్‌లో ఓనర్ సైడ్ ఆయన 40 వేలే వచ్చాయన్నాడు. నెల తర్వాత ఓనరే నాతో ‘75 ఇచ్చానమ్మా’ అన్నాడు. అప్పటికి నా వాటాలోంచి ఆయనకు డబ్బు పంపేశాను. సైడ్ పద్ధతిలో ఈ దాపరికానికి చోటే లేదు.

గచ్చిబౌలి రీసేల్: మీ భయం నిజమైనదే అక్కా. అందుకే నేను డబ్బు ఒకరి ఖాతాలో వేయించను. అలా వేస్తే ఆదాయమంతా వాళ్లదిగా కనిపిస్తుంది, రెండోవాళ్లకు పంపినదానికి బిల్లు చూపించాల్సి వస్తుంది. ఎవరి పార్టీ నుంచి వాళ్లమే బ్యాంకులో తీసుకుంటాం, ఆ స్క్రీన్‌షాట్లు మార్చుకుంటాం, తేడా మాత్రమే బిల్లు మీద పంపుకుంటాం. నగదుగా తీసుకుంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.

చూపించడానికి వెళ్లే ముందు నేను పంపే వాట్సాప్ ఇది. ‘ఫలానా అపార్ట్‌మెంట్, ఫలానా ఫ్లాట్. కొనే పార్టీ నాది, ఓనర్ మీ పార్టీ. రెండు వైపుల నుంచి వచ్చింది కలిపి సగం సగం. ఎవరు తగ్గించినా ముందు రెండోవాళ్ల ఒప్పుదల కావాలి, లేకపోతే తగ్గించినవాళ్ల వాటాలోంచే పోతుంది. మధ్యలో ఇంకో ఏజెంట్ వస్తే తెచ్చినవాళ్లే తమ వాటాలోంచి ఇవ్వాలి. ఈ పార్టీ 90 రోజుల్లో నేరుగా కొన్నా ఇదే లెక్క. డబ్బు అందిన రెండు రోజుల్లో తేల్చుకోవాలి.’ అవతలి నుంచి బొటనవేలు గుర్తు వస్తే నేను ఆగను, ‘ఒప్పుకున్నాను’ అని టైప్ చేయమంటాను. ఆ ఫోన్‌లో చాట్ చెరపకూడదు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, కానీ ‘సగం సగం’ అన్న రెండు ముక్కల్లో దేనికి సగమో ఎవరు నిరూపిస్తారు?

ఎల్బీనగర్ మీడియేటర్: మెసేజ్ బాగుంది. కానీ ఈ డీల్‌కు అది లేదు కదా. రాయనిదాన్ని ఇప్పుడు ఆయనకు అనుకూలంగా ఎందుకు చదవాలి?

ఉప్పల్ నుంచి: అదే నా మాట కూడా. పైగా ఆయన టోకెన్ రోజు తమ్ముడిని అడిగి వదిలాడా?

నిజాంపేట్ ఏజెంట్: అడగలేదు అక్కా. కానీ నేను అక్కడే కూర్చున్నాను, వద్దనలేదు, డీల్ అయిందని సంతోషపడ్డాను. అందుకే నిద్ర పట్టడం లేదు. 15 వేలు రేపు పంపుతాను. బాచుపల్లిలో ఆయన దగ్గర ఇంకో ఫ్లాట్ ఉంది, పార్టీని తీసుకెళ్లే ముందు పై మెసేజ్ పంపాను. 90 రోజుల మాట తప్ప మిగతా అన్నిటికీ ‘ఒప్పుకున్నాను’ అన్నాడు. 30 రోజులు చాలంటున్నాడు. హోమ్ లోన్ పార్టీకి అది సరిపోతుందా?