సా పామెట్టో నిజంగా డీహెచ్‌టీని ఆపుతుందా? నాన్న పీఎస్‌ఏ కదల్లేదు

శ్రావణి, బండ్లగూడ:
మా నాన్నకి 66, స్కాన్‌లో ప్రొస్టేట్ పెరిగి 48 గ్రాములు అయిందని వచ్చింది. డాక్టర్ టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిపిన బిళ్ళ రాశారు కానీ ఎవరో ఫ్రెండ్ అది వేసుకుంటే మగతనం పోతుందని చెప్పారంట, నాతో అనలేదు అమ్మతో అన్నాడు, ఆ బిళ్ళ పక్కన పెట్టేసి జనవరి నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సా పామెట్టో అనే మొక్క కాయ క్యాప్సూల్స్ వాడుతున్నాడు. మూత్రం ఇబ్బంది ఎంతుందో లెక్కేసే ఏడు ప్రశ్నల ఫారం ఉంటుంది కదా, మొత్తం 35కి, దాంట్లో జనవరిలో 18 ఉండేది జూలైలో 13 వచ్చింది. ఆయనేమో "చూశావా" అంటున్నాడు. పీఎస్‌ఏ అని ప్రొస్టేట్‌కి చేసే రక్తపరీక్షలో మాత్రం 3.2 నుంచి 3.1, అంతే. మందు పనిచేస్తున్నట్టా లేనట్టా? చదివితే ఒకచోట అద్భుతం అంటారు ఇంకోచోట నీళ్ళతో సమానం అంటారు.

నరేష్, కూకట్‌పల్లి:
పనిచేస్తుంది అక్కా, డౌట్ వద్దు. టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీ అని ప్రొస్టేట్‌ని పెంచే హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ ఒకటుంటుంది, ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అని, మీ డ్యూటాస్టెరైడ్ లాంటిదే ఫినాస్టెరైడ్ అని ఇంకో మందు, అది ఆపేదీ దాన్నే సా పామెట్టో ఆపేదీ దాన్నే. 1996లో యూరప్‌లో 1098 మంది మీద పెద్ద ట్రయల్ చేశారు, ఆరు నెలల్లో ఇదే ఫారంలో స్కోర్ సా పామెట్టోకి 37 శాతం, ఫినాస్టెరైడ్‌కి 39 శాతం తగ్గింది. రెండూ ఒకటేగా మరి! పైగా నేచురల్.

కార్తీక్:
అన్నా నాకు ముందు జుట్టు పోతోంది, నూనెగా రాస్తే మంచిదా క్యాప్సూల్ మంచిదా?

శ్రావణి, బండ్లగూడ:
తమ్ముడూ ఇది మా నాన్న మూత్రం సంగతి 🙏

సుబ్బారావు (రిటైర్డ్, బల్క్ డ్రగ్ క్వాలిటీ కంట్రోల్):
నరేష్ చెప్పిన అంకెలు కరెక్టే, సగం చెప్పి ఆపాడు. అదే ట్రయల్‌లో పీఎస్‌ఏ కూడా చూశారు, ఫినాస్టెరైడ్ వాడినవాళ్ళకి 41 శాతం పడిపోయింది, సా పామెట్టో వాళ్ళకి దాదాపు ఉన్నచోటే ఉంది. శ్రావణీ, మీ నాన్నగారి రిపోర్ట్ చెప్పేది కూడా అదేనమ్మా. పీఎస్‌ఏ తయారుచేసేది ప్రొస్టేట్ కణాలు, వాటిని అలా నడిపించేది డీహెచ్‌టీ. ఆ డీహెచ్‌టీకి నిజంగా గండి పడితే ఆరు నెలల్లో పీఎస్‌ఏ సుమారు సగానికి రావాలి, 3.2 ఉన్నది 1.6 దగ్గర కనపడాలి. 3.1 వచ్చిందంటే ఎంజైమ్ తన పని తాను చేసుకుపోతోందనే నేననుకుంటా.

మరి ఆపుతుందని ఊరికే ఎందుకన్నారు అంటే, గాజు గొట్టంలో నిజంగానే ఆపుతుంది. ఇది అమెరికాలో ఫ్లోరిడా వైపు పెరిగే పొట్టి తాటిజాతి మొక్క కాయ, దాన్నుంచి తీసే నూనెలో ఎక్కువ భాగం విడి కొవ్వు ఆమ్లాలు, లారిక్, ఒలీక్ లాంటివి. ఈ ఎంజైమ్ ఉండేది కణంలోపలి కొవ్వు పొరల్లో, గొట్టంలో ఆ ఆమ్లాలు దాని మీద తగినంత పోస్తే మందగిస్తుంది. కానీ మనిషి మింగినప్పుడు అవి మన తిండిలోని కొవ్వుతో పాటే అరిగి రక్తంలో కలిసిపోతాయి, ప్రొస్టేట్ దాకా అంత చిక్కగా చేరాలి కదా, అసలు తిరకాసు అక్కడుంది.

నరేష్, కూకట్‌పల్లి:
లారిక్ అంటే కొబ్బరినూనెలో ఉండేదేగా, అయితే కేరళవాళ్ళకి ప్రొస్టేట్ ప్రాబ్లమే రాకూడదు 😄 సరే సార్, ఎంజైమ్ ఆగకపోతే ఆ 37 శాతం ఎలా తగ్గింది మరి?

సుబ్బారావు:
కొబ్బరినూనెలో అది విడిగా ఉండదయ్యా, గ్లిసరాల్‌కి అతుక్కుని ఉంటుంది. నీ రెండో ప్రశ్న మంచిది. ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చిన గుంపే లేదు. ఈ జబ్బు ఎక్కువా తక్కువా అవుతూ ఉంటుంది, మనిషి డాక్టర్ దగ్గరికి పోయేది బాగా ఇబ్బంది పడ్డప్పుడే, అక్కణ్ణుంచి ఏం వేసుకున్నా వేసుకోకపోయినా కొంత సర్దుకుంటుంది. 2011లో అమెరికాలో 369 మందికి 72 వారాలు ఇచ్చి చూశారు, రోజుకి 320 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 960 దాకా పెంచారు, మామూలు డోసుకి మూడింతలు. స్కోర్ సా పామెట్టోకి 2.2 పాయింట్లు తగ్గితే ఉత్తుత్తి క్యాప్సూల్‌కి 3 దాకా తగ్గింది! పీఎస్‌ఏ అంత డోసుకీ కదల్లేదు. అంతకుముందు 2006లో 225 మందితో ఏడాదిపాటు చేసిందీ అంతే. ఈ నూనెకి ఒక ఘాటు వాసన, ఎవరికి ఏది ఇచ్చారో తెలిసిపోతుంది, అందుకని ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి దానికి కూడా అలాంటి రంగు, రుచి వచ్చేలా చేశారు. పాతవాటిల్లో అంత జాగ్రత్త ఎక్కడిది.

మీ నాన్నగారు మొదటిసారి ఫారం నింపింది జనవరి చలిలో, రెండోది జూలైలో, అది కూడా లెక్కలోకి తీసుకోండి. చలికి రాత్రి ఎవరైనా ఎక్కువసార్లు లేస్తారు.

లక్ష్మి, సైనిక్‌పురి:
మావారు ఇవే వాడేవారు, ఒకరోజు జలుబుకి బిళ్ళ వేసుకుని పడుకుంటే అర్ధరాత్రికి మూత్రం పూర్తిగా బంద్, ఎమర్జెన్సీలో పైపు వేశారు, ఆ క్యాప్సూల్స్ జోలికి పోవద్దు.

సుబ్బారావు:
అమ్మా అది జలుబు బిళ్ళ చేసిన పని అయ్యుంటుంది. ముక్కు దిబ్బడ తగ్గించే మందు మూత్రాశయం మెడ దగ్గర కండరాన్ని కూడా బిగిస్తుంది. ప్రొస్టేట్ పెరిగినవాళ్ళు షాపులో అడిగి తెచ్చుకునే జలుబు బిళ్ళలతో జాగ్రత్త.

డాక్టర్ కాదు (హ్యాండిల్ అదే, నవ్వకండి):
సుబ్బారావు గారూ 2001లో ప్రొస్టేట్‌లోంచి సూదితో ముక్క తీసి కొలిచారు కదా, డీహెచ్‌టీ 32 శాతం తగ్గింది. రక్తంలో తెలియకపోయినా లోపల తగ్గిందేమో?

సుబ్బారావు:
అవును, అది నేను కొట్టిపారెయ్యను. కానీ పట్టుమని యాభై మంది కూడా లేరు, ఇచ్చింది సా పామెట్టోతో పాటు నెటిల్ అనే దురద పుట్టించే మొక్క వేరు, గుమ్మడిగింజల నూనె కలిపింది. ఫినాస్టెరైడ్ అయితే అదే చోట 80 శాతం దగ్గర తగ్గిస్తుంది. 32 శాతంతో మనిషికి తేడా తెలుస్తుందా అనేదానికి నా దగ్గర జవాబు లేదు.

శ్రావణీ, డబ్బా వెనక ఏం రాసుందో చూసి పెట్టమ్మా.

శ్రావణి, బండ్లగూడ:
"బెర్రీ పౌడర్ 500 మిల్లీగ్రాములు", రోజుకి ఒకటి.

సుబ్బారావు:
అనుకున్నా. ట్రయల్స్‌లో ఇచ్చింది పొడి కాదు, ఎక్స్‌ట్రాక్ట్. యూరప్‌లో హెక్సేన్ అనే ద్రావకంతో తీసేదానికి ఏడు నుంచి పదకొండు వంతుల కాయకి ఒక వంతు నూనె వస్తుంది, అంటే 320 మిల్లీగ్రాముల వెనక రెండుంపావు గ్రాముల నుంచి మూడున్నర గ్రాముల దాకా కాయ ఉంటుంది. మీ నాన్నగారు వేసుకునేది అర గ్రాము కాయ. ఐదో వంతో, ఏడో వంతో. అక్కడ నెగ్గిందీ ఓడిందీ పక్కనపెడితే ఆయన ఇంట్లో ఉన్నది ఆ సరుకే కాదు.

నరేష్, కూకట్‌పల్లి:
అదే నేననేది సార్. మీరు చెప్పిన అమెరికా ట్రయల్స్‌లో ఒకటి ఆల్కహాల్‌తో తీసింది, ఒకటి కార్బన్ డయాక్సైడ్‌తో తీసింది. యూరప్ మందుల సంస్థ 2015లో హెక్సేన్‌తో తీసినదాన్నే వేరుగా ఒప్పుకుంది, ఆల్కహాల్‌దాన్ని సంప్రదాయ వాడకం కింద పడేసింది. ఒక్కో సరుకు ఒక్కోటి, అన్నిటినీ ఒకే గాటన కడితే ఎలా?

సుబ్బారావు:
ఆ వాదనలో పస ఉంది. అయితే హెక్సేన్‌దాని మీద కూడా పీఎస్‌ఏ తగ్గిన దాఖలా లేదు కదా, నీ 1098 మంది ట్రయల్‌లో ఇచ్చింది అదే. ఒకవేళ పనిచేసినా వాపు తగ్గించడం లాంటి వేరే దారిలో చెయ్యాలి, ఈ మార్పిడి ఆపడం వల్ల కాదు.

నరేష్, కూకట్‌పల్లి:
దారి ఏదైతేనేం సార్, రాత్రి నిద్ర పడితే చాలు కదా మనిషికి.

శ్రావణి, బండ్లగూడ:
గురువారం యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. నాన్నకి ఉన్న భయం అమ్మే డాక్టర్‌కి చెప్తానంది, టామ్సులోసిన్ ఒక్కటే ఇస్తారేమో అడుగుతాం.

సుబ్బారావు:
అడగండి, ఒక్కటీ ఇస్తారు. కాకపోతే అది బిగుతు వదిలిస్తుంది, సైజు తగ్గించదు, మొదట్లో లేచి నిలబడితే కళ్ళు తిరగొచ్చు, రాత్రి పడుకునే ముందు వెయ్యండి. ఎప్పుడైనా డ్యూటాస్టెరైడ్ మొదలుపెడితే ఆర్నెల్ల తర్వాత పీఎస్‌ఏ చేయించినప్పుడు ల్యాబ్ ఇచ్చిన అంకెని రెండింతలు చేసి చూసుకోవాలని గుర్తుపెట్టుకోండి, 1.6 వచ్చిందని సంబరపడిపోకూడదు. ఆ క్యాప్సూల్స్ సంగతి కూడా డాక్టర్ దగ్గర దాచకండి.

కార్తీక్:
సార్ జుట్టుకి ఎవరూ చెప్పలేదు