యురేనియం సగానికి సగం ఎందుకు చీలదు? టిన్-132 ఒక్కటే కారణమా?

హనుమకొండ, డిగ్రీ ఫైనలియర్
యురేనియం-235ని స్లో న్యూట్రాన్ చీల్చితే ఏ బరువు ముక్క ఎంత తరచుగా వస్తుందో చూపే గ్రాఫ్‌లో రెండు గుట్టలు, మధ్యలో లోయ కనిపిస్తాయి. న్యూక్లియస్‌ని నీటి బొట్టులా చూసే లెక్క ప్రకారం సగానికి సగం విడిపోవాలి కదా. మా సార్ ‘టిన్-132 మేజిక్ న్యూక్లియస్, అదే కారణం’ అన్నారు. మరి బరువు ముక్కల గుట్ట 132 మీద కాకుండా 140 దగ్గర ఎందుకుంది? ఎవరు రైటు?

కాజీపేట కోచింగ్ ఫ్యాకల్టీ
తమ్ముడూ, మీ సార్ చెప్పిందే రైటు, ఎక్కువ తల పగలగొట్టుకోకు. టిన్-132లో ప్రోటాన్లు 50, న్యూట్రాన్లు 82, రెండు సంఖ్యలూ మేజిక్‌వే, అంటే షెల్స్ అనే పొరలు పూర్తిగా నిండి న్యూక్లియస్ గట్టిగా ఉండే సంఖ్యలు. న్యూట్రాన్‌ని మింగిన యురేనియం 236 అవుతుంది, అందులోంచి 132 పోతే మిగిలేది మాలిబ్డినమ్-104. మాస్ టేబుల్ తీసి లెక్క వేసి చూడు, ఈ చీలికలో దాదాపు 199 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. సగానికి సగం చీలితే రెండు పల్లాడియం-118లు, అందులో వచ్చేది 193. ఎనర్జీ ఎక్కువ వచ్చే వైపే పోతుంది, కథ అక్కడికి అయిపోయింది. ఎగ్జామ్‌లో కూడా ఇదే రాయి.

రామగుండం, పవర్‌హౌస్ ఉద్యోగి
నాకు అంత ఫిజిక్స్ రాదు గానీ ఒక్క మాట. 235 బేసి సంఖ్య. బేసి సంఖ్య రెండు సమాన భాగాలు ఎట్లయితది? అందుకే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వస్తుండొచ్చు.

హసన్‌పర్తి, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
రామగుండం అన్నా, బేసి-సరి గొడవ ఇక్కడ అడ్డం రాదు. చీలేది 235 కాదు, న్యూట్రాన్ చేరిన 236. పైగా చీలగానే రెండు మూడు న్యూట్రాన్లు బయటికి పోతాయి. ఒకవేళ బేసి సంఖ్యే కారణమైతే 117, 118 అని పక్కపక్కనే విడిపోయేది, 95, 140 అంత దూరం పోయేది కాదు.

కాజీపేట సార్, మీ లెక్క తప్పని అనను, సగం వరకే చెప్పారు అంటాను. అదే మాస్ టేబుల్‌తో ఇంకొక్క చీలిక లెక్క వేయండి: జెనాన్-140, స్ట్రాన్షియం-96. నేను ఇప్పుడే పెన్ను పట్టుకుని వేశాను, దాదాపు 188 వచ్చింది. అంటే సగానికి సగం చీలికకంటే ఐదు తక్కువ. ఎనర్జీ ఎక్కువ వచ్చే దారే గెలుస్తుందంటే 118-118 చీలిక 140-96 కంటే ఎక్కువసార్లు జరగాలి. జరిగేదేమో తలకిందులు. నూరు చీలికల్లో ఆరింటిలో 140 బరువున్న ముక్క వస్తుంది, 118 బరువున్నది పదివేల చీలికల్లో ఒక్కసారి. ఐదారు వందల రెట్ల తేడా! కాబట్టి చివర్లో ఎంత ఎనర్జీ చేతికొచ్చిందనేది కాదు, సాగుతూ సాగుతూ తెగేదాకా న్యూక్లియస్ ఏ దారిన పోయిందనేది చూడాలి.

ఇక బాబూ, నీ ప్రశ్న చాలా మంచిది. ముందు నీ గ్రాఫ్ నిలువు గీత చూడు, అది లాగ్ స్కేలు, ఒక్కో మెట్టుకు పది రెట్లు. అందుకే లోయ ఏదో చిన్న పల్లంలా కనిపిస్తుంది. మామూలు స్కేలు మీద గీస్తే లోయ నేలకు అంటుకుపోతుంది, రెండు గుట్టలు తప్ప ఏమీ కనపడదు. మా క్లాసుల్లో ఏటా సగం మంది ఇక్కడే మోసపోయేవారు. ఇంకోటి, మొత్తం కూడితే 200 శాతం వస్తుంది, ఒక్కో చీలికకు రెండు ముక్కలు కనుక. అది చూసి తప్పు చేశామేమో అనుకోవద్దు.

ఆ తర్వాత ఒక్క యురేనియంతోనే ఆగకు. యురేనియం-235, ప్లుటోనియం-239, కాలిఫోర్నియం-252, ఈ మూడింటి గ్రాఫ్‌లు ఒకే కాగితం మీద గీయి. తేలిక గుట్ట 95 నుంచి 100కి, అక్కణ్ణించి 107 దగ్గరికి జరుగుతుంది. బరువు గుట్ట మాత్రం 138 నుంచి 142 మధ్యనే, పద్మాక్షి గుట్ట లాగా కదలదు. తల్లి న్యూక్లియస్ బరువు పెరిగితే ఆ పెరిగిందంతా చిన్న ముక్కకే పోతోంది. అంటే పెద్ద ముక్కలోనే ఏదో పట్టు ఉంది. నీటి బొట్టు లెక్కలో ఈ పట్టు లేదు, 1939లో బోర్, వీలర్ వేసిన లెక్కలో షెల్స్ లేవు కనుక. మేజిక్ సంఖ్యలకూ ఈ గుట్టలకూ సంబంధం ఉండొచ్చని మరియా గెప్పర్ట్ మేయర్ 1948లోనే చెప్పింది.

కాజీపేట కోచింగ్ ఫ్యాకల్టీ
సార్, పట్టు ఉందని మీరే అంటున్నారు, ఆ పట్టు టిన్‌దే అని నేనంటున్నాను. తేడా ఏముంది? ఫెర్మియం-258 సంగతి చూడండి. ప్రోటాన్లు సరిగ్గా 100, సగం చేస్తే యాభై యాభై, రెండూ టిన్‌లే. అది సమానంగానే చీలుతుంది, గ్రాఫ్‌లో ఒకటే సన్నటి శిఖరం. యురేనియంలో 92 ప్రోటాన్లే ఉన్నాయి, రెండు టిన్‌లకు చాలవు, ఒక్కదానికే వస్తాయి, అందుకే అసమానం. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మడికొండ నుంచి
మధ్యలో వచ్చానని ఏమనుకోవద్దు. మా అమ్మకు పోయిన నెల వరంగల్‌లో బోన్ స్కాన్ చేశారు, టెక్నీషియం ఇంజెక్షన్ అన్నారు, ఆ రోజంతా చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వద్దన్నారు. నెట్‌లో చూస్తే అది యురేనియం చీల్చితే వచ్చేదని ఉంది. ఒంట్లోకి యురేనియం ఎక్కించారా అని అప్పటినుంచి ఒకటే టెన్షన్.

హసన్‌పర్తి, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
లేదమ్మా, యురేనియం ఎక్కించలేదు. రియాక్టర్‌లో యురేనియం చీలినప్పుడు తేలిక గుట్ట మీద 99 బరువు దగ్గర మాలిబ్డినమ్ దొరుకుతుంది, నూరు చీలికల్లో ఆరు. దాన్ని రసాయనంగా విడదీసి శుభ్రం చేస్తారు. అది 66 గంటలకు సగమవుతూ టెక్నీషియంగా మారుతుంది, ఆసుపత్రిలో ఆ టెక్నీషియాన్ని మాత్రమే తీసి వాడతారు. అది ఆరు గంటలకు సగం అవుతుంది. పోయిన నెలది ఇప్పుడు ఏమీ మిగిలి ఉండదు. గుట్ట మీద ఉంది కాబట్టే అంత దొరుకుతోంది, లోయలో పడి ఉంటే దొరికేదే కాదు.

కాజీపేట సార్, ఫెర్మియం మాట బాగా తెచ్చారు, ఒప్పుకుంటున్నాను. అక్కడ టిన్ పట్టు నిజం. యురేనియంలో కూడా 130 పరిసరాల్లో పుట్టే ముక్కలు దాదాపు న్యూట్రాన్లే వదలవు. గుండ్రంగా, గట్టిగా, చల్లగా పుడతాయన్నమాట. సాగి వంగిన ముక్కయితే ఆ వంకర సర్దుకునేటప్పుడు వేడెక్కి న్యూట్రాన్లు వదులుతుంది. కాబట్టి టిన్ దారి యురేనియంలోనూ ఉంది, కానీ ఆ దారిన పోయేవి తక్కువ పాలు. ఎక్కువ పాలు 140 దారిన పోతున్నాయి. బాబు అడిగింది దాని గురించే. జర్మనీలో జీఎస్ఐ పరిశోధన సంస్థ వాళ్లు ఎన్నో న్యూక్లియస్‌లను చీల్చి ముక్కల ప్రోటాన్లు లెక్కపెడితే, పెద్ద ముక్కలో సగటున 54 దగ్గర నిలబడ్డాయి. యాభై కాదు. టిన్ ఒక్కటే లాగుతుంటే యాభై దగ్గరే ఆగాలి కదా.

రీసెర్చ్ స్కాలర్, వరంగల్
సార్ ఆపిన చోటు నుంచి చెప్తాను. తెగే ముందు న్యూక్లియస్ ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించండి. రెండు బుడిపెలు, మధ్యలో సన్నటి మెడ, ఇంట్లో గోడకు వేలాడదీసిన ఎండు సొరకాయ బుర్ర లాగా. ఆ మెడ దగ్గర కత్తి పెడితే ప్రతి ముక్కకూ ఒక వైపు గుండ్రం, ఇంకో వైపు కూచి, అచ్చం జామకాయ. టిన్-132కు గుండ్రంగా ఉండటమే ఇష్టం, కూచి సాగదీయాలంటే ఎనర్జీ ఖర్చవుతుంది. బేరియం-144 లాంటివేమో తమంతట తామే జామకాయ ఆకారానికి మొగ్గుతాయి. ఊరికే అంటున్న మాట కాదు, 2016లో అమెరికాలో ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో దీన్ని నేరుగా కొలిచారు. ప్రోటాన్లు 52, 56 దగ్గర ఈ మొగ్గు గట్టిగా ఉంటుంది, సార్ చెప్పిన 54 ఆ రెండింటి మధ్యన పడుతుంది. 2018లో స్కాంప్స్, సిమెనెల్ అనే ఇద్దరు ఈ లెక్క చేసి చూపించారు. 1938లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియంలో మొట్టమొదట పట్టుకున్నది కూడా బేరియమే, ప్రోటాన్లు 56.

అయితే సార్, పెద్ద ముక్కే అంతా నిర్ణయిస్తుందంటే నేను ఒప్పుకోను. మెర్క్యురీ-180 సంగతేంటి? అందులో ప్రోటాన్లు 80, న్యూట్రాన్లు 100. సగం చేస్తే 40, 50, అంటే జిర్కోనియం-90, న్యూట్రాన్ల మేజిక్ సంఖ్యతో సహా. సమానంగా చీలడానికి దానికంటే అనువైనది ఉండదని అనుకున్నారు. సెర్న్‌లో కొలిచి 2010లో ప్రకటించింది చూస్తే అసమానమే! ఒకటి 100 దగ్గర, ఇంకోటి 80 దగ్గర. అక్కడ టిన్ లేదు, బేరియం లేదు. ఏ ముక్క షెల్ లాగుతోందో, ప్రోటాన్లదా న్యూట్రాన్లదా, ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

కాజీపేట కోచింగ్ ఫ్యాకల్టీ
మెర్క్యురీ సంగతి నాకు తెలియదు, చదువుతాను. జామకాయ మాట మాత్రం నచ్చింది. అయినా షెల్స్ వల్లే ఇదంతా అని అసలు ఎట్లా తెలుసు? వేరే కారణం ఉండొచ్చు కదా.

రీసెర్చ్ స్కాలర్, వరంగల్
వేడి చేసి చూస్తే తెలుస్తుంది అన్నా. షెల్స్ పట్టు చల్లని న్యూక్లియస్‌లోనే. స్లో న్యూట్రాన్ బదులు 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్‌తో కొడితే లోయ 0.01 శాతం నుంచి దాదాపు 1 శాతానికి లేస్తుంది, గుట్టలు కాస్త దిగుతాయి. ఇంకా బాగా వేడెక్కిస్తే లోయే ఉండదు, మధ్యలో ఒకటే గుట్ట. బోర్, వీలర్‌ల బొట్టు అప్పుడు బయటపడుతుంది. అందుకే లోయలో పడే కాడ్మియం-115ని కొలిచి మాలిబ్డినమ్-99తో పోల్చితే, కొట్టిన న్యూట్రాన్లు ఎంత వేగంగా వచ్చాయో చెప్పొచ్చు.

హనుమకొండ, డిగ్రీ ఫైనలియర్
సార్, అక్కా, రాత్రి కూర్చుని లాగ్ పేపర్ మీద గీశాను. బరువు గుట్ట నిజంగానే కదల్లేదు. కానీ యురేనియం-235లో 134 దగ్గర ఒక చుక్క మిగతావాటి పైకి పొడుచుకొచ్చింది, 7.8 శాతం. దాని పక్కనున్న 133, 135 రెండూ ఆరున్నర దగ్గరే ఉన్నాయి. అంకె తప్పు కొట్టానేమో అని మూడుసార్లు చూసుకున్నాను.

హసన్‌పర్తి, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
తప్పు కొట్టలేదు బాబూ, అది నిజమైన పొడుపే. 100 దగ్గర కూడా చూడు, చిన్నది ఒకటి ఉండాలి. 134, 100, పోయిన న్యూట్రాన్లు రెండు, కూడితే 236.

కాజీపేట కోచింగ్ ఫ్యాకల్టీ
134 అంటే టిన్ పక్కనే కదా సార్. మేజిక్ 82 దాటి ఎక్కువైన న్యూట్రాన్ తేలిగ్గా ఊడిపోయి 135 కాస్తా 134 అయి ఉంటుంది.

రీసెర్చ్ స్కాలర్, వరంగల్
అది కొంతవరకే అన్నా. న్యూట్రాన్ ఊడిపోవడం వల్లే అయితే 100 దగ్గర పొడుపు ఎందుకొచ్చింది? అక్కడ 82 లేదు కదా. చీలిక జరిగే క్షణంలోనే ఆ జంటకు కొంత మొగ్గు ఉండాలి. రెండింటిలో ఏది ఎంతో విడదీయాలంటే న్యూట్రాన్లు పోకముందు ముక్కల బరువు కొలవాలి. అప్పుడు వాటి వేగం నుంచి బరువు తీస్తారు కాబట్టి ఒకటి రెండు యూనిట్లు అటూ ఇటూ అవుతుంది, ఇంత సన్నటి పొడుపు అందులో కలిసిపోతుంది. తమ్ముడూ, ప్లుటోనియం గ్రాఫ్‌లో ఈ 134 పొడుపు ఎంతుందో చూసి చెప్పు.