రెండు పద్ధతుల్లో ఎన్‌పీవీ ఒకటే రావాలి కదా? ఒకటి ప్లస్, ఇంకొకటి మైనస్ వస్తోంది

రాత్రిలెక్క:
మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. ఐదేళ్ల ప్రాజెక్టు. మొదట్లో పెట్టుబడి 1,000 (అంకెలన్నీ లక్షల్లో). రిస్క్ కలిపిన 14 శాతం రేటుతో డిస్కౌంట్ చేస్తే ఎన్‌పీవీ +9.67. అదే సర్టెనిటీ ఈక్వివలెంట్ పద్ధతిలో చేస్తే -83.19. ఒకదాని ప్రకారం ప్రాజెక్టు తీసుకోవాలి, ఇంకోదాని ప్రకారం వదిలేయాలి. ఏటి అంచనాని ఖాయం మొత్తంగా మార్చే ఆల్ఫాలు నా సొంతం కావు, మా సార్ ఇచ్చిన షీట్‌లో ఉన్నవే. ఫార్ములాలు మూడుసార్లు సరిచూశాను. రేపు పొద్దున్నే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

ఒక్కముక్క:
సీఈ మొత్తాల్ని ఏ రేటుతో డిస్కౌంట్ చేశారు? 14 అయితే తప్పు అక్కడే.

రాత్రిలెక్క:
6 శాతం, రిస్క్ ఫ్రీ రేటే. రిస్క్‌ని రెండుసార్లు లెక్కపెట్టకూడదని తెలుసండి.

ఒక్కముక్క:
`=NPV()` లోపల సున్నా ఏడాది కూడా పడిందా?

రాత్రిలెక్క:
లేదు. పెట్టుబడి బయటే కలిపాను.

అసలురేటు:
అసలు ఆ 6 శాతాన్ని రిస్క్ ఫ్రీ అని ఎవరన్నారు? ప్రభుత్వ బాండు రేటు తెచ్చి పెట్టేసి చేతులు దులుపుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఐదేళ్ల డబ్బుకి ఐదేళ్ల బాండు చూడాలి, ఏడాది డబ్బుకి ఏడాది బాండు. అది ఒకటి. రెండోది, ఆ రేటులో ధరల పెరుగుదల కలిసి ఉంటుంది. మీ అంచనాలు ఇవాళ్టి ధరల్లో వేసి, కింద మాత్రం ధరల పెరుగుదల కలిపిన రేటు పెడితే ఏ పద్ధతిలో చేసినా వచ్చేది చెత్తే. ముందు ఇది తేల్చుకోండి, ఆల్ఫాల సంగతి తర్వాత.

ఒక్కముక్క:
రెండు పద్ధతుల్లోనూ అవే అంచనాలు. తేడా ఎందుకొచ్చిందన్నదానికి ఇది జవాబు కాదు.

సూత్రధారి:
చాలా సింపుల్. ఈ రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇవ్వాలంటే ప్రతి ఏడాది ఆల్ఫా ఇలా ఉండాలి:

```
alpha_t = (1.06/1.14)^t
```

అంటే వరసగా 0.930, 0.865, 0.804, 0.747, 0.695. మీ సార్ ఇచ్చినవి వీటికి దూరంగా ఉంటే ఆయన గుడ్డిగా వేసినట్టే. సూత్రాన్నే గడుల్లో పెట్టండి, పైసా తేడా లేకుండా 9.67 వస్తుంది. నన్నడిగితే సీఈ పద్ధతి పరీక్ష పేపర్లకే, ఆఫీసులో ఎవరూ వాడరు.

రాత్రిలెక్క:
హమ్మయ్య! షీట్‌లో మొదటి నాలుగు 0.93, 0.86, 0.80, 0.75. మీవాటికి దగ్గరే. ఐదో ఏడాదికి మాత్రం 1.10 అని ఉంది. ఆల్ఫా ఒకటి దాటదు కదా, టైపింగ్ తప్పయి ఉంటుంది. 0.70 పెట్టి చూస్తే +6.48 వచ్చింది. 9.67కి దగ్గరగానే ఉంది, సరిపోయినట్టే. అదే పంపించేస్తాను.

పాతచిట్టా:
పంపకండి, ఆగండి. ఇంతసేపూ మీరు ఏడాదివారీ క్యాష్ ఫ్లోలు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఐదో ఏడాది డబ్బు వస్తోందా, పోతోందా?

రాత్రిలెక్క:
పోతోంది. ఇది రాతి క్వారీ. నాలుగేళ్లు ఏటా 400 వస్తుంది. ఐదో ఏడాది తవ్విన గుంతలు పూడ్చి, నేల చదును చేసి అప్పగించాలి, దానికి 300 ఖర్చు. అది వేరే చెప్పాలా? అదీ క్యాష్ ఫ్లోనే కదా.

పాతచిట్టా:
గొడవంతా ఆ మైనస్ గుర్తుతోనే. ఆ 300 ఒక్కదాన్నే పక్కకి తీసి చూడండి. 6 శాతంతో డిస్కౌంట్ చేస్తే దాని ఇప్పటి విలువ 224. 14తో చేస్తే 156. 20తో చేస్తే 121. పూడ్చే ఖర్చు ఎంతకి పోతుందో తెలియక మీకు భయం పెరిగింది, అందుకని రేటు పెంచారు అనుకోండి. కాగితం మీద ఏం జరిగింది? ఆ ఖర్చు చిన్నదైపోయింది. భయపడ్డ కొద్దీ ప్రాజెక్టు బాగుపడుతోందన్నమాట.

రాబడి మీద ఎక్కువ రేటు వేస్తే విలువ తగ్గుతుంది, అది జాగ్రత్త. అదే రేటు ఖర్చు మీద వేస్తే భారం తగ్గుతుంది, అది జాగ్రత్తకి వ్యతిరేకం. ఒక్క 14ని వరసలో అన్నిటికీ రుద్దితే ఈ తేడా కనపడదు. సీఈ పద్ధతిలో ఏడాదికో ఆల్ఫా రాయాలి కాబట్టి, ఆ గడి దగ్గర ఆగి ఆలోచించక తప్పదు. "400 రావచ్చు అన్న మాట వదులుకుని ఖాయంగా ఎంతిస్తే తీసుకుంటాను" అని అడిగితే 400 కంటే తక్కువ చెబుతాం. "300 కావచ్చు అనే ఖర్చుని వదిలించుకోవడానికి ఖాయంగా ఎంత కట్టేస్తాను" అని అడిగితే, భయపడేవాడు 300 కంటే ఎక్కువే చెబుతాడు. మీ సార్ 330 చెప్పారు. అదే ఆ 1.10. టైపింగ్ తప్పు కాకపోవచ్చు.

మీరు 0.70 పెట్టగానే రెండు జవాబులు కలిశాయి కాబట్టి సరిపోయిందనుకున్నారు. మొదటి పద్ధతిలో ఉన్న తప్పునే రెండోదానిలోకి కూడా తెచ్చారు, అందుకే కలిశాయి.

సూత్రధారి:
గణితం ప్రకారం రెండూ ఒకటేనండి. నా సూత్రంలో తప్పుంటే చూపించండి.

పాతచిట్టా:
సూత్రం తప్పని అనలేదు. దానిలో 14 పెడితే 14కి సరిపోయే ఆల్ఫాలే వస్తాయి. ఇంటి తాళం నకలు తీయించి, రెండు తాళాలూ ఒకే తలుపు తీశాయని సంబరపడినట్టు. ఆ 14 ఎక్కడి నుంచి వచ్చింది? రాయి అమ్మకాల రిస్క్ చూసి వేసి ఉంటారు. గుంత పూడ్చడానికి దానితో ఏం సంబంధం?

ఇంకో సంగతి. అన్ని ఏళ్లకీ ఒకే రేటు అంటే, రిస్క్ కోత ఏటా అదే నిష్పత్తిలో పేరుకుపోతుందని ముందే ఒప్పుకోవడం. మీ వరసలోనే 0.930 నుంచి 0.695కి ఎలా దిగిందో చూడండి. 1966లోనే రాబిచెక్, మయర్స్ ఈ విషయం ఎత్తి చూపారు.

మూడోదశ:
మాదీ ఇలాంటి సందేహమే. మాది పరిశోధన ప్రాజెక్టు. మొదటి రెండేళ్లు ప్రయోగాలు, పని చేస్తుందో లేదో అప్పుడే తేలిపోతుంది. పని చేస్తే ఆ తర్వాత మామూలు వ్యాపారమే. మావాళ్లు పదేళ్లకీ 25 శాతం వేశారు. అంటే సీఈ పద్ధతిలో మైనస్ వచ్చిన ఏడాదికి ఆల్ఫా ఒకటి దాటించాలా?

పాతచిట్టా:
మీది వేరే ప్రశ్నండి. మీ రిస్క్ అంతా రెండేళ్లలో కరిగిపోతుంది, 25 శాతం మాత్రం పదేళ్లూ కోస్తూనే ఉంటుంది. ప్రయోగం నెగ్గే అవకాశాన్ని విడిగా లెక్కగట్టి, నెగ్గాక వచ్చే డబ్బుకి మామూలు రేటు వేయండి. విడిగా పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే ఈయన ఇంకా తికమకపడతారు.

పదకోశం:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. సర్టెనిటీ ఈక్వివలెంట్, సర్టెనిటీ ఈక్వివలెంట్ అని ఎన్నిసార్లు? "నిశ్చిత తుల్యం" అనొచ్చు కదా.

ఒక్కముక్క:
"ఖాయం సొమ్ము" చాలు.

పదకోశం:
ఖర్చుని సొమ్ము అనలేం. పైన జరిగిన గొడవంతా ఖర్చు గురించే.

సూత్రధారి:
పాతచిట్టా గారూ, ఒక్క విషయంలో మీతో ఏకీభవించను. ఖర్చుకి ఆల్ఫా ఎప్పుడూ ఒకటి పైనే అన్నట్టు రాశారు. మార్కెట్ బాగున్నప్పుడే డీజిల్, యంత్రాల అద్దె, కూలీ పెరుగుతాయి. అంటే జేబు నిండుగా ఉన్నప్పుడే ఖర్చు ఎక్కువ, మార్కెట్ పడిపోయినప్పుడు ఖర్చూ తక్కువ. అలాంటి ఖర్చు మోయడం తేలిక, దాని ఆల్ఫా ఒకటి కంటే తక్కువే ఉండాలి. ఎక్కువ రేటు వేయడం కూడా అప్పుడు న్యాయమే.

పాతచిట్టా:
ఒప్పుకుంటున్నాను. నేను ఒంటరిగా ఆ ఒక్క క్వారీనే నమ్ముకున్న యజమాని వైపు నుంచి చెప్పాను. నలభై చోట్ల డబ్బు పెట్టినవాళ్ల వైపు నుంచి చూస్తే మీరన్నది నిజమే. ఖర్చుకీ మార్కెట్‌కీ సంబంధమే లేకపోతే ఆల్ఫా సరిగ్గా ఒకటి, కలిసి పెరిగితే ఒకటికి లోపు, మార్కెట్ పడినప్పుడు పెరిగితే ఒకటి పైన. కానీ ఎంత లోపు అన్నది చూడండి. మిగతా నాలుగు ఆల్ఫాలూ అలాగే ఉంచితే, ఈ ప్రాజెక్టు ప్లస్‌లోకి రావాలంటే ఐదోది దాదాపు 0.73 కంటే దిగాలి. దాన్ని రేటుగా మారిస్తే 13 శాతానికి కాస్త తక్కువ. అంటే గుంత పూడ్చే ఖర్చు కూడా రాయి అమ్మకాలంతగా మార్కెట్‌తో పాటు ఎగిరి పడాలి. మీరు నమ్ముతారా?

సూత్రధారి:
అంత అనను. 0.9 దాకా ఒప్పుకుంటాను.

రాత్రిలెక్క:
మా సార్‌కి ఫోన్ చేశాను. 1.10 కావాలనే పెట్టారట. "కాంట్రాక్టరు 300 అన్నాడు కానీ 400 అయినా ఆశ్చర్యం లేదన్నాడు, అందుకే పెంచాను" అన్నారు.

పాతచిట్టా:
అయితే అది రిస్క్ కోతే కాదు. 300 అనేది సగటు కాదు, ఎక్కువగా జరిగేది మాత్రమే. నూటికి 70 వంతులు 300, 30 వంతులు 400 అనుకుంటే సగటే 330. ముందు క్యాష్ ఫ్లో గడిలో -330 రాసి, ఆల్ఫా ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఎన్‌పీవీ మాత్రం అదే -83.19 వస్తుంది. కానీ రేపు ఎవరైనా అంచనాని సరిదిద్ది 330 చేసి, 1.10ని కూడా ఉంచేస్తే అది 363 అవుతుంది. 30 వంతులన్నది నా ఊహ, అది ఆయన్నే అడగండి.

ఒక్కముక్క:
0.9 పెట్టినా మైనస్సే కదా?

రాత్రిలెక్క:
300 మీద 0.9 వేస్తే -38.35, ఒకటి వేస్తే -60.77. ఎలా చూసినా మైనస్సే. ఐదో ఏడాదిని వేరే వరసలో పెట్టి, 14 శాతం లెక్క కింద ఒక గమనిక రాసి పంపేస్తున్నాను. ఆ 30 వంతుల సంగతి సార్ ఇంకా చెప్పలేదు. థాంక్స్ అండీ, పడుకుంటాను.

అసలురేటు:
నాలుగేళ్లూ ఒకే 400 ఉందంటే ధరల పెరుగుదల వేయలేదనే అర్థం. ఆ 6 శాతం సంగతి ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.