రెండు వాక్యాల్లో చెప్పేటప్పుడు ‘హాడ్’ ఎక్కడ తప్పనిసరి?

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉంటాను. పక్క ఫ్లాట్‌లో ఉండే మలయాళీ స్నేహితురాలితో నా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఏది ముందు జరిగిందో తనకి తికమక లేకుండా చెప్పాలని నా తాపత్రయం.

మెజెస్టిక్‌లో బస్సు సంగతే తీసుకోండి. ‘ఐ రీచ్డ్ మెజెస్టిక్. ద బస్ లెఫ్ట్.’ అంటే నేను చేరాక, నా కళ్ళముందే బస్సు కదిలిందని వినేవాళ్ళు అనుకుంటారు. సింపుల్ పాస్ట్‌లో వాక్యాల వరుసనే జరిగిన వరుసగా తీసుకుంటారు కదా. అదే ‘ద బస్ హాడ్ లెఫ్ట్’ అంటే నేను వెళ్ళేసరికే బస్సు లేదు. రెండో వాక్యం కాలంలో వెనక్కి వెళ్తోంది కాబట్టి ఇక్కడ హాడ్ తీసేస్తే కథే మారిపోతుంది. ఇంతవరకు నాకు అనుమానం లేదు.

వరుస తిప్పి ‘ద బస్ లెఫ్ట్ ఎట్ నైన్. ఐ రీచ్డ్ ఎట్ నైన్ టెన్.’ అన్నప్పుడు హాడ్ అక్కర్లేదనే నా అభిప్రాయం, టైమే చెప్పేస్తోంది. మరి ‘ద బస్ హాడ్ లెఫ్ట్ బిఫోర్ ఐ రీచ్డ్’ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. బిఫోర్ ఉండగా ఆ హాడ్ తప్పా, లేక ఉన్నా లేకున్నా ఒకటేనా?

నన్ను బాగా ఇబ్బంది పెడుతున్నది ఇంకొకటి. ‘ద బస్ హాడ్ లెఫ్ట్’ తర్వాత, బస్సు వెళ్ళకముందు కండక్టర్ నాకోసం ఆగాడని కూడా చెప్పాలి. అప్పుడు ‘హాడ్ వెయిటెడ్’ అని మళ్ళీ హాడ్ పెట్టాలా, వట్టి ‘వెయిటెడ్’ చాలా? వట్టిగా అంటే బస్సు వెళ్ళాక ఆగినట్టు వినిపించదూ? ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్ళెవరైనా ఉంటే మీరు ఎలా అంటారో ఆ మూడు వాక్యాలూ రాసి చూపించండి, ప్లీజ్.