నీళ్లు మార్చిన నాలుగో రోజుకే మళ్లీ పచ్చదనం: లెట్యూస్ డబ్బా, మనీప్లాంట్ సీసా

మియాపూర్_బాల్కనీ
రెండు చోట్లా ఒకటే సమస్య. మొదటిది లెట్యూస్. లోపలి నీళ్లు బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బాలో 12 లీటర్లు పోసి, మూతకు ఆరు రంధ్రాలు చేసి, నెట్ పాట్లలో ఆరు మొక్కలు పెట్టాను. నారు మార్చి 20 రోజులైంది. న్యూట్రియంట్ ఏ, బీ సీసాలు విడివిడిగా వచ్చే రకం. మూతతో కొలిచి పోశాను. టీడీఎస్ మీటరు 1400 చూపిస్తోంది, మా కుళాయి నీళ్లు 180. నాలుగు రోజులకోసారి మొత్తం మార్చి మళ్లీ అంచు దాకా నింపుతున్నా డబ్బా గోడలకు, వేర్లకు పచ్చటి జిగురు పడుతోంది. ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి.
రెండోది కిటికీలో పెట్టిన 750 మి.లీ. గాజు సీసాలో మనీప్లాంట్. అందులోనూ పాచి. నీళ్లు ఇంకా తరచుగా మార్చాలా?

పెరటి_పాదు
రోజు మార్చి రోజు మార్చండి. నిలవ నీళ్లకే నాచు పడుతుంది. లెట్యూస్ డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండాలి, వేర్లు గాలికి ఎండితే మొక్క వాలిపోతుంది. మా మనీప్లాంట్‌కి వారానికో చిటికెడు 19:19:19 వేస్తాను, ఆకులు నిగనిగలాడుతుంటాయి.

మిద్దెతోట_వరంగల్
పెరటి_పాదు గారూ, నిలవ నీళ్లని మీరన్నది సగమే నిజం. మట్టికుండలో మూతపెట్టిన నీళ్లు కూడా నిలవ నీళ్లే కదా, వాటికి పచ్చ రంగు ఎందుకు రాదు? వెలుతురు తగలదు కాబట్టి. నాచుకు వెలుతురు, ఎరువు రెండూ కావాలి. లెట్యూస్ డబ్బాలో ఎరువు తీసెయ్యలేం, కాబట్టి వెలుతురే ఆపాలి. నీళ్లు మార్చిన ప్రతిసారీ తాజా ఎరువు పోస్తున్నారు. గోడకు అంటుకున్న నాచుకు అది మళ్లీ మేత అవుతోంది.

మియాపూర్ గారూ, ముందు ఈ పని చెయ్యండి. మొక్కలున్న మూతను ఎత్తి ఒక బకెట్ మీద పెట్టండి, వేర్లు తడిలోనే ఉండాలి. ఖాళీ డబ్బాను పీచుతో రుద్ది కడగండి. ఆరాక బయటివైపు మొదట నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వెయ్యండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు ఎండ వేడిని ఆపుతుంది. నల్ల రంగు ఒక్కటే వేస్తే మధ్యాహ్నానికి నీళ్లు గోరువెచ్చనై వేర్లు కుళ్లుతాయి. రంగు వద్దనుకుంటే నల్ల కవరు చుట్టి పైన వంటింటి అల్యూమినియం రేకు చుట్టినా సరిపోతుంది. ఆపైన చీకట్లో డబ్బా లోపల ఫోన్ టార్చి వెలిగించి పెట్టి బయట నుంచి చూడండి. ఎక్కడ వెలుగు కనబడితే అక్కడ నాచు మళ్లీ వస్తుంది. ఎక్కువగా నెట్ పాట్ అంచు దగ్గర, మూత, డబ్బా కలిసేచోట సందులుంటాయి.

సాయి_చెన్నై
నాకు అక్వేరియంలో మనీప్లాంట్ ఉంది. వేర్లు నీళ్లలో, ఆకులు బయట. నెలల తరబడి ఏ ఎరువూ వెయ్యలేదు, అయినా పెరుగుతోంది. దానికి కూడా ఏ, బీ పొయ్యాలా?

మిద్దెతోట_వరంగల్
వద్దు తమ్ముడూ, పొరపాటున కూడా పొయ్యకు. చేపల విసర్జన నుంచి తయారయ్యే నైట్రేటే దానికి ఎరువు. పైనుంచి లవణాలు పోస్తే నష్టపోయేది చేపలే.

లక్ష్మి_గుంటూరు
నెట్ పాట్‌లో స్పాంజి వాడారా, కోకోపీట్ వాడారా? స్పాంజి పైభాగం ఎప్పుడూ తడిగా ఉంటే అక్కడా పచ్చ పొర కడుతుంది. అది మొక్కకు పెద్దగా హాని చెయ్యదు గానీ దాని మీద చిన్న నల్ల ఈగలు చేరతాయి. నల్ల ప్లాస్టిక్ ముక్కను గుండ్రంగా కత్తిరించి, మధ్యకు ఒక చీలిక పెట్టి కాండం చుట్టూ పరవండి.

మియాపూర్_బాల్కనీ
స్పాంజే అక్కా. పైన పచ్చగా ఉంది. రేకు చుట్టడం ఈ రోజే చేస్తా. 1400 సంగతి ఏంటి? సగానికి సగం నీళ్లు కలిపితే 700 అవుతుందా?

కొలత_ముఖ్యం
సగం చేస్తే 700 రాదు, 790 వస్తుంది. మీటరు చూపే అంకెలో మీ కుళాయి నీటి 180 కూడా ఉంది. మీరు పోసిన ఎరువు వాటా 1400లో 180 పోగా 1220. సమానంగా నీళ్లు కలిపితే ఎరువు 610కి దిగుతుంది, 180 మాత్రం అలాగే ఉంటుంది.

ఈ వయసు లెట్యూస్‌కి ఎరువు వాటా 550 చుట్టుపక్కల చాలు. డబ్బాలో నాలుగున్నర లీటర్లు ఉంచి మిగతా ఏడున్నర తీసెయ్యండి. తీసినదాన్ని పారబొయ్యకండి, నాలుగింతలు నీళ్లు కలిపి కుండీల్లో పొయ్యొచ్చు. డబ్బాలో ఉంచినదానికి అయిదున్నర లీటర్ల మామూలు కుళాయి నీళ్లు కలిపి మొత్తం 10 లీటర్లు చెయ్యండి. 1220ని నాలుగున్నరతో గుణించి పదితో భాగిస్తే 549. దానికి మీ 180 కలిపితే మీటరు సుమారు 730 చూపాలి.

పాత 12కి బదులు 10 లీటర్లని కావాలనే అన్నాను. నెట్ పాట్ అడుగుకీ నీటికీ మధ్య ఒక అంగుళం లోపు ఖాళీ వస్తుంది. ఇరవై రోజుల మొక్కకు వేర్లు ఎలాగూ కిందికి దిగి ఉంటాయి.

మూతతో కొలవడం మానండి. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి దొరుకుతుంది, ఏ కి ఒకటి, బీ కి ఒకటి ఉంచుకోండి. ఏ సీసాలో సాధారణంగా కాల్షియం ఉంటుంది, బీ లో ఫాస్ఫేటు, సల్ఫేటు. నీళ్లలో ఏ పోసి బాగా కలిపాకే బీ పొయ్యాలి. రెండూ చిక్కగా ఉండగా ఒకదాంట్లో ఒకటి కలిపితే తెల్లటి పొడి అడుగుకు చేరుతుంది. అది మొక్కకు అందకుండా పోయిన ఎరువే.

బోరునీళ్లు_నల్గొండ
మా బోరు నీళ్ల టీడీఎస్ 600. నాకూ డబ్బాలో 1400 ఉంది. నేనూ ఇలాగే చెయ్యనా?

కొలత_ముఖ్యం
మీ లెక్క వేరు. మీ 1400లో ఎరువు 800 మాత్రమే, అంటే మరీ ఎక్కువేం కాదు. బోరు నీళ్లు కలిపి సగం చేస్తే ఎరువు 400కి పడిపోతుంది, మీటరు మాత్రం 1000 చూపిస్తుంది. అంకె పెద్దగా ఉన్నా మొక్క ఆకలితో ఉంటుంది. మీరు సరిచెయ్యాల్సింది నీళ్లనే. ఏసీ నుంచి కారే నీళ్లు గానీ, ఆర్వో నుంచి వచ్చే తాగునీళ్లు గానీ బోరు నీళ్లతో సగం సగం కలిపి మొదలుపెట్టండి. ఆర్వో బయటికి వదిలేసే నీళ్లు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

మిద్దెతోట_వరంగల్
మియాపూర్ గారూ, ఆకు అంచులు మాడుతున్నది ఏ ఆకులకో చూశారా? బయటి ముదురు ఆకులకైతే ఉప్పు ఎక్కువైనట్టు, పలుచన చేస్తే కొత్త ఆకులు బాగా వస్తాయి. లోపలి లేత ఆకుల కొనలైతే కాల్షియం అక్కడికి అందడం లేదు. గాలి ఆడని మూలలో ఉన్నా అలా అవుతుంది.

ఇక నీటి మట్టం. లెట్యూస్ నీళ్లు నాలుగు రోజులకోసారి మార్చనవసరం లేదు. హవాయి విశ్వవిద్యాలయంలో క్రాట్కీ రూపొందించిన పద్ధతిలో నీళ్లు తగ్గనివ్వడమే కిటుకు. నీళ్లు దిగేకొద్దీ పైన మిగిలిన వేర్లకు తెల్లటి సన్నని నూగు పుడుతుంది. ఊపిరి తీసుకునేవి అవే. వాటిని మళ్లీ అంచు దాకా ముంచితే గాలి అందక రెండు మూడు రోజుల్లో మొక్క వాడుతుంది. నీళ్లున్నా వాడిందేమిటని మనం ఇంకా నీళ్లు పోస్తాం. పెరటి_పాదు గారు ఎప్పుడూ నిండుగా ఉండాలన్నది ఇందుకే పనికిరాదు. నూగు వేర్ల కిందికి మాత్రమే, డబ్బాలో మూడో వంతు వరకు, పలుచన నీళ్లు కలపండి.
మరో మాట. కోసేదాకా ఒక్కో మొక్క నాలుగైదు లీటర్లు తాగుతుంది. 10 లీటర్లకు ఆరు మొక్కలు ఎక్కువ. మూడింటిని లేతగా ఉండగానే కోసుకుని తినెయ్యండి.

పెరటి_పాదు
నూగు వేర్ల సంగతి నాకు తెలియదు. మరి 19:19:19 తప్పేంటి? కుండీల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుందే.

కొలత_ముఖ్యం
కుండీల్లో పనిచేస్తుంది, ఎందుకంటే మట్టిలో సూక్ష్మజీవులు ఉంటాయి. అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలోనే ఉంటుంది. మట్టిలో అది మారి వేరుకు అందుతుంది. సీసా నీళ్లలో ఆ పని సరిగా జరగదు, నాచుకు మేతగానూ, వాసనగానూ మిగులుతుంది. కాల్షియం అసలే ఉండదు. మనీప్లాంట్ ఓర్చుకుంటుంది, లెట్యూస్ ఓర్చుకోదు.

లక్ష్మి_గుంటూరు
మనీప్లాంట్ సీసాకు మాత్రం వారానికోసారి మొత్తం నీళ్లు మార్చాల్సిందే. ఇది నాచు కోసం కాదు, దోమ కోసం. డెంగీ దోమ గుడ్డు సీసా గోడకు అంటుకుని ఉంటుంది, నీళ్లు ఒంపేస్తే పోదు. శుక్రవారం డ్రై డే రోజునే పెట్టుకుంటే మరిచిపోం. సీసా మెడలో చెయ్యి పట్టదు కదా, గుప్పెడు బియ్యం, కాసిని నీళ్లు పోసి గట్టిగా గిలకరిస్తే గోడకున్న పాచి అంతా రాలిపోతుంది. వేర్లను కుళాయి ధార కింద మెల్లగా కడగాలి, రుద్దకూడదు. నల్లబడి మెత్తగా ఉన్న వేరును కత్తెరతో తీసెయ్యండి. కణుపు నీళ్లలో మునగాలి, ఆకు మునగకూడదు.
ఎరువు నెలకోసారి చాలు, లేబుల్ మీద చెప్పినదాంట్లో పావు వంతు. లీటరుకు 2 మి.లీ. అని రాసి ఉంటే మీ 750 మి.లీ. సీసాకు ఏ, బీ ఒక్కోటి 0.4 మి.లీ. వస్తుంది. దీనికి 1 మి.లీ. సిరంజి కావాలి. మిగతా మూడు వారాలూ ఉత్త నీళ్లే.

ఆగ్నేయం_రాజు
మనీప్లాంట్ ఆగ్నేయంలో పెట్టారా అండి? అక్కడ పెడితేనే పెరుగుతుందని మా ఇంట్లో అంటారు. నీళ్లలో రాగి నాణెం వేస్తే పాచి కూడా పట్టదు.

మిద్దెతోట_వరంగల్
రాజు గారూ, ఏ మూల అయినా సీసా మీద నేరుగా ఎండ పడకుండా, ఆకులకు వెలుతురు అందితే చాలు. కిటికీ నుంచి నాలుగైదు అడుగులు లోపలికి జరపండి, లేదా గోధుమ రంగు సీసాలోకి మార్చండి. రాగి నాచును చంపేమాట నిజమే, కానీ అదే రాగి వేర్లనూ చంపుతుంది. ఎంత కరిగిందో మనకు తెలియదు. తినే లెట్యూస్‌లో అసలు వెయ్యకండి.

మియాపూర్_బాల్కనీ
రేకు చుట్టాను. టార్చి పెడితే రెండు నెట్ పాట్ల అంచున వెలుగు వచ్చింది, నల్ల టేపు వేశాను. పలుచన చేశాక మీటరు 740. మాడింది బయటి ఆకులకే. వేర్లకు అంటుకున్న పచ్చ జిగురు ఇంకా ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమని కొందరు అంటున్నారు, పొయ్యనా?

కొలత_ముఖ్యం
3 శాతం ద్రావణం లీటరుకు 2 మి.లీ. ఒక్కసారి పొయ్యండి, జిగురు వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లో అది నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది.

మిద్దెతోట_వరంగల్
నేనైతే పొయ్యను. అది నూగు వేర్లనూ, వేర్ల చుట్టూ ఉండే మంచి సూక్ష్మజీవులనూ కూడా కాలుస్తుంది. వెలుతురు ఆగిపోయింది కాబట్టి ఉన్న నాచు వారం పది రోజుల్లో దానంతటదే చచ్చి గోధుమ రంగుకు తిరిగి రాలుతుంది. రాలినదాన్ని చిన్న జల్లెడతో తీసెయ్యండి. వేరు తెల్లగా, గట్టిగా ఉంటే నీళ్ల జోలికి వెళ్లకండి. మెత్తబడి కుళ్లు వాసన వస్తే మాత్రం అది నాచు కాదు, వేరుకుళ్లు. అప్పుడు నీళ్లు మొత్తం మార్చాలి.

మియాపూర్_బాల్కనీ
వేర్లు గట్టిగానే ఉన్నాయి, వాసన లేదు. రెండు మొక్కల్ని పక్కన చిన్న డబ్బాలోకి తీసి వాటికి మాత్రం పెరాక్సైడ్ వేసి చూస్తా, మిగతావి అలాగే ఉంచుతా. ఫిబ్రవరి దాటాక బాల్కనీలో నీళ్లు వేడెక్కితే ఏం చేస్తున్నారు మీరంతా?

లక్ష్మి_గుంటూరు
గుంటూరు ఎండకు మార్చిలోనే లెట్యూస్ పొడవుగా సాగి చేదెక్కుతుంది. నేను డబ్బా కడిగి పెట్టేసి అక్టోబరులో మళ్లీ విత్తుతాను. అదే నీళ్లలో తోటకూర ఎవరైనా పెంచి ఉంటే రాయండి.